లాకరు తలుపు లోపలి ఉత్తరం

అందరికీ నమస్కారం. నర్సుల దినోత్సవ శుభాకాంక్షలు. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి, మన్నించాలి. ముందుగా ఒక్క మాట అడుగుతాను. ఇప్పుడు ఉదయం పదకొండున్నర. నిన్న రాత్రి డ్యూటీ చేసినవాళ్లు ఎంతమంది వచ్చారు? చెయ్యి ఎత్తండి. ఇద్దరే. ఏటా మే 12న మన పండుగను సరిగ్గా వాళ్లు నిద్రపోవలసిన వేళకే పెడుతున్నాం.

కొన్నేళ్ల కిందట నాకు నేనే ఒక ఉత్తరం రాసుకుని, ప్లాస్టరుతో లాకరు తలుపు లోపల అంటించాను. ఎందుకంటే సాయంత్రం నాలుగు గంటలప్పుడు నాకు అన్నీ తెలుసు, తెల్లవారుజామున నాలుగు గంటలకు ఏమీ తెలియదు. అందుకని సాయంత్రపు మనిషి తెల్లవారుజాము మనిషికి రాసిపెట్టింది.

రాయించిన రాత్రి గురించి చెబుతాను. రెండు గంటలకు తోటి సిస్టర్ ఇంటి నుంచి తెచ్చిన బిర్యానీ కడుపునిండా తిన్నాను. మూడున్నరకు టీ, నాలుగుంబావుకు ఇంకో టీ. నాలుగు నలభైకి ఒక రోగి మూత్రం సంచి కొలిచి 350 మి.లీ. అని పట్టికలో రాశాను. ఆరింటికి మళ్లీ చూస్తే ఆ అంకె ఆయన తాగిన నీళ్ల గడిలో ఉంది. దిద్దాను, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అదే ఇన్సులిన్ మోతాదై ఉంటే? ఆ ఉదయం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, హబ్సిగూడలో దిగవలసిన దాన్ని నాగోలులో కళ్లు తెరిచాను. ఇంటికి చేరి పడుకుంటే నిద్ర పట్టలేదు. గుండెల్లో మంట, లోపల ఇంకా టీ.

ఉత్తరం ఇలా మొదలవుతుంది: “ఏడింటికి ఇంట్లోనే అన్నం తిను. అదే నీ రాత్రి భోజనం. పదకొండింటికి కాస్త పెరుగన్నమో రెండు ఇడ్లీలో తిను. పన్నెండు నుంచి ఆరు దాకా పళ్లెం ముందు కూర్చోకు.”

కారణం మనకు తెలిసిందే, మనకు వర్తించదని అనుకుంటాం, అంతే. రాత్రి మెలటోనిన్ పెరిగి ఉన్న వేళ ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది. పగలు తిన్న అదే అన్నం అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. పైగా రాత్రి కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అయితే షుగరు మాత్రలు వేసుకునే సిస్టర్లు నా ఉత్తరాన్ని పాటించవద్దు. మీ భోజనం, మాత్ర వేళలు మీ డాక్టరుతో మాట్లాడి మార్చుకోండి.

రెండో మాట: “రెండు దాటాక టీ వద్దు.” టీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదారు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగితే, తొమ్మిదిన్నరకు నువ్వు తలగడ మీద తల పెట్టేసరికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. “నాలుగింటికి చలేస్తే ఏసీని తిట్టకు” అని కూడా రాసుకున్నాను. ఆ వేళకు ఒంటి వేడి రోజంతటిలో అతి తక్కువకు దిగుతుంది. స్వెటర్ వేసుకో, గోరువెచ్చని నీళ్లు తాగు, నడువు. చదివిన వరుసే రెండోసారి చదువుతున్నావంటే, చేతిరాత గీత దాటి వాలుతోందంటే, పక్క సిస్టర్‌ను పిలిచి మోతాదు సరిచూసుకో.

ఇన్‌చార్జి మేడమ్, ఈ మాట మీకు. రెండు, మూడు గంటల మధ్య వంతులవారీగా ఇరవై నిమిషాలు కునుకు తీయనివ్వండి. గంట వద్దు. గాఢ నిద్రలోంచి లేస్తే మత్తు వదలదు. ఇరవై నిమిషాల తర్వాత కూడా మరో పావుగంట దాకా మందు లెక్క చేతిలో పెట్టకండి. దొంగచాటుగా కుర్చీలో తల వాల్చడం కన్నా ఇది రోగికే మేలు.

ఇక ఇల్లు. ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే. “ఒక అరటిపండు, గ్లాసు పాలు, నల్లటి కర్టెన్, తొమ్మిదిన్నరకు పడక.” ఇంతవరకు నా చేతిలో ఉంది. పదకొండింటికి గ్యాసు బండ వాడు బెల్లు కొడతాడు. పన్నెండింటికి మా పెద్దమ్మ ఫోను: “పగలు నిద్రేమిటే, లక్ష్మి నిలుస్తుందా?” ఆమెకు రాత్రి రెండింటికి నేను ఎన్నడైనా ఫోను చేశానా? చివరికి తలుపుకు అట్ట కట్టాను: “రాత్రి డ్యూటీ. మూడింటి దాకా బెల్లు కొట్టవద్దు.” గ్యాసు అబ్బాయి అర్థం చేసుకున్నాడు, పెద్దమ్మకు నిరుడు అర్థమైంది.

ఉత్తరం చివర, వరసగా చేసే డ్యూటీల్లో ఆఖరి రాత్రి ముగిశాక ఏం చేయాలో ఉంది: “ఆ పగలు మూడు గంటలే పడుకో, అలారం పెట్టుకో. మధ్యాహ్నం ఎండలో కాసేపు తిరుగు. రాత్రి అందరితో పాటు పడుకో.” ఇది నాకు సగంసార్లే కుదిరింది. మూడు రాత్రులు చేసి రెండో రోజే పగటి డ్యూటీకి వేస్తే ఏ ఉత్తరమూ పనిచేయదు. డ్యూటీ పట్టిక వేసేవారు కూడా ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

చెయ్యెత్తిన ఆ ఇద్దరూ ఇంకా కూర్చునే ఉన్నారు. అమ్మా, సన్మానం శాలువా మీ వార్డుకు నేనే పంపిస్తాను. మీరు లేచి ఇంటికి వెళ్లండి.