జుంకా మారకుండా సన్నివేశం మార్చడం

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నవి కరీంనగర్ వెండి తీగ పని జుంకాలు. పొడవు 42 మిల్లీమీటర్లు. బుట్ట అంచున చుట్టూ 17 మువ్వలు ఉంటాయి, ఎదురుగా చూస్తే 9 కనిపిస్తాయి. రెండు సన్నని వెండి తీగలను కలిపి మెలిపెట్టి, చదును చేసి, చిన్న చిన్న చుట్టలుగా చుట్టి, చట్రంలో పేర్చి అతికారు. ఈ చుట్టలే ఈ నగకు ప్రాణం.

మొదట్లో నేను ఇలాంటి జుంకా ఫొటోనే ఒక ఏఐ టూల్‌కి ఇచ్చి, పెళ్లిలో ఉన్న అమ్మాయి చెవికి పెట్టమన్నాను. మల్లెపూలు, పట్టుచీర, దీపాల వెలుగు, అన్నీ బాగా కుదిరాయి. సంతోషంగా అమ్మకానికి పెట్టాం. పార్సిల్ అందుకున్నావిడ ఫోన్ చేసి, "ఫొటోలో ఆకులున్నాయండీ, ఇందులో చుట్టలున్నాయి" అన్నారు. చూస్తే నిజమే. మువ్వలు కూడా 11 అయ్యాయి. నగ చేసిన పెద్దాయనకు చూపిస్తే, "ఇది నేను చేసింది కాదమ్మా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఎందుకలా మారిందో చెప్తాను. ఇలాంటి టూల్స్‌లో చాలావరకు మనమిచ్చిన ఫొటోను ఉన్నదున్నట్టు ఉంచుకోవు. ముందు దాన్ని కుదించుకుంటాయి. సాధారణంగా అడ్డం 8, నిలువు 8 పిక్సెళ్ల ముక్క ఒక్క గడిలోకి వెళ్తుంది. ఆ గడుల నుంచి బొమ్మను మళ్లీ గీస్తాయి. 1024 పిక్సెళ్ల బొమ్మలో చెవి జుంకాకు దక్కేది మహా అయితే 200 పిక్సెళ్ల ఎత్తు. అంటే మిల్లీమీటరుకు సుమారు 5 పిక్సెళ్లు. మన తీగ మిల్లీమీటరులో పావు వంతు ఉంటే అది ఒక్క పిక్సెల్ మాత్రమే. అంత సన్నని తీగ ఆ గడిలో నిలవదు. అందుకే టూల్ తీగ పనిలా కనిపించే వేరే ఏదో గీసేస్తుంది. "డిజైన్ మార్చొద్దు" అని ఎన్నిసార్లు రాసినా లాభం లేదు.

కాబట్టి ఇప్పుడు నేను సన్నివేశాన్ని మాత్రమే టూల్‌తో చేయిస్తాను, చెవి బోసిగా ఉండేలా. నగను అసలు ఫొటో నుంచి కత్తిరించి, ఫొటో ఎడిటర్‌లో సన్నివేశం పైన వేరే లేయర్‌గా పెడతాను. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం కోణం. జుంకాను ఎదురుగా తీశామంటే సన్నివేశంలో కూడా చెవి దగ్గర జుంకా ఎదురుగానే కనిపించాలి. ముఖం పక్కకు తిరిగిన సన్నివేశం నచ్చిందని ఫొటోను సాగదీసి తిప్పకండి. కెమెరా చూడని వైపు ఏముందో ఏ టూల్ అయినా ఊహించాల్సిందే, ఆ ఊహలోనే డిజైన్ పోతుంది. అందుకే నేను ఫొటో తీసేటప్పుడే జుంకాను దారంతో వేలాడదీసి ఎదురుగా, కాస్త పక్కగా, పూర్తిగా పక్కగా మూడు తీస్తాను. బల్ల మీద పడుకోబెట్టి తీస్తే మువ్వలు ఒక పక్కకు ఒరుగుతాయి, చెవికి పెట్టినప్పుడు వేలాడినట్టు ఉండదు.

వెనక బూడిద రంగు అట్ట పెట్టండి. తెల్ల కాగితం మీద వెండి అంచు కలిసిపోతుంది. కత్తిరించేటప్పుడు తీగల మధ్య ఖాళీలన్నీ ఖాళీగానే ఉండాలి. ఒక్క ఖాళీలో అట్ట మిగిలినా అక్కడ అమ్మాయి మెడ బదులు అదే కనిపించి, జుంకా అంటించినట్టు ఉంటుంది. ఈ పనికి నాకు ఒక్కో జతకు గంట పైనే పడుతుంది, తొందరపడను.

సైజు కళ్లతో అంచనా వేయకండి. పెద్దవాళ్ల చెవి సుమారు 60 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నివేశంలో చెవి 300 పిక్సెళ్లుంటే మన జుంకా 210 పిక్సెళ్లుండాలి. ఎక్కువ పెడితే కొన్నవాళ్లు "ఇంత చిన్నదా" అంటారు. వెలుగు కూడా అంతే: జుంకా మీద మెరుపు ఎడమ పక్కనుంటే సన్నివేశంలో దీపం కూడా ఎడమవైపే ఉండాలి. మెడ మీద నీడను, కింది రంగును ముదురు చేసే Multiply లేయర్‌లో వేసి అంచులు మెత్తబరుస్తాను. పసుపు వెలుగుకు తగ్గట్టు వెండికి కొంచెం వెచ్చదనం ఇస్తాను, కానీ బంగారంలా అనిపించేలోపే ఆపేస్తాను.

చివర్లో అసలు కటౌట్‌ను అదే సైజుకు తగ్గించి, సరిగ్గా జుంకా మీదికి జరిపి, లేయర్‌ను Difference లో పెడతాను. అప్పుడు రెండూ ఒకేలా ఉన్నచోట నలుపు, తేడా ఉన్నచోట వెలుగు కనిపిస్తాయి. రంగు కాస్త మార్చాం కాబట్టి జుంకా అంతటా పలుచని బూడిద ఛాయ రావచ్చు. చుట్టల దగ్గర మెరిసే గీతలు కనిపిస్తే మాత్రం ఆకారం ఎక్కడో కదిలినట్టే. పూర్తయ్యాక బొమ్మను మళ్లీ టూల్‌లో వేసి "నునుపు చేయమని" అడిగితే ఇదే జరుగుతుంది. అప్పుడు అసలు కటౌట్‌ను తిరిగి పైన పెట్టి, మువ్వలు 9 ఉన్నాయో లేదో మళ్లీ లెక్కపెడతాను. ఆ తర్వాత ఫొటో ముందుగా పెద్దాయనకే పంపుతాను.