జూన్‌లో వాన పడినా చేను ఖాళీగా ఎందుకు పెడతారు?

"అన్నా, జూన్‌లో మంచి పదును వాన పడింది. ఊళ్లో ఎర్ర నేలల వాళ్లంతా విత్తేశారు. మా నాన్న మాత్రం నల్లరేగడి నాలుగెకరాలు ఖాళీగా పెట్టి ఊరికే గుంటక తోలుతున్నాడు. అడిగితే 'శనగ వేసేదాకా బీడే' అంటాడు. మా పుస్తకంలో దీన్ని ఫాలో అని రాశారు. అసలు ఫాలో అంటే ఏంటి? వాన పడ్డాక కూడా విత్తకపోతే నష్టం కాదా?"

నంద్యాల వైపు నుంచి ఒక తమ్ముడు పంపిన ప్రశ్న ఇది. తమ్ముడూ, ఈ ఫాలో మన చానెల్‌ని ఫాలో అవడం కాదులే. పంట వేయగలిగిన చేనును, కావాలనే ఒక సీజనో ఒక ఏడాదో విత్తకుండా ఉంచడం. మన దగ్గర బీడు అంటాం, తెలంగాణలో చాలాచోట్ల పడావు అంటారు. చిక్కేమిటంటే, బీడు అనగానే ముళ్లకంపలు మొలిచి గొర్రెలు తిరిగే నేల కళ్లముందుకొస్తుంది. పాత ఇంగ్లీషులో మాత్రం ఈ మాటకు దున్నిన నేల అనే అర్థం. మీ నాన్న చేస్తున్నది ఆ పాత అర్థంలో ఉన్న పని. వదిలేసిన నేలకు ఎవరూ గుంటక తోలరు కదా.

ఒక తమాషా కూడా చెప్పాలి. సర్కారు లెక్కల్లో మీ చేను బీడే కాదు. ఏడాది మొత్తంలో ఒక్క పంట కూడా వేయకపోతేనే ప్రస్తుత బీడు అని రాస్తారు. ఒక ఏడాది దాటి ఐదేళ్ల లోపు ఖాళీగా ఉంటే ఇతర బీడు. ఐదేళ్లు దాటితే సాగుకు పనికొచ్చే వృథా భూమి కిందికి పోతుంది. మీ నాన్న అక్టోబర్‌లో శనగ వేస్తాడు కాబట్టి ఆ నాలుగెకరాలు సాగైన భూమి లెక్కలోనే ఉంటాయి. అంటే వానాకాలం మాత్రమే బీడు. కర్నూలు, నంద్యాల, అనంతపురం, ప్రకాశం నల్ల నేలల్లో ఇది పాత పద్ధతే.

ఇక అసలు సంగతి. మీ నాన్న జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చేస్తున్నది వాన నీళ్లను నేలలో దాచడం. ఆ నాలుగు నెలలూ పంట లేదు, కానీ పని ఉంది.

నల్లరేగడిలో బంకమట్టి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో ఆ నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా పోతుంది. నాలుగైదు అడుగుల లోతున్న మంచి రేగడి అయితే మొక్క పీల్చుకోగలిగిన నీళ్లను దాదాపు 200 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది. ఎర్ర నేలకు ఆ శక్తి లేదు. పడ్డ వాన త్వరగా దిగిపోతుంది, మిగిలింది ఆరిపోతుంది. అందుకే ఎర్ర నేలల వాళ్లు వాన ఉన్నప్పుడే వేరుశనగో కందో విత్తేస్తారు. వాళ్లు దాచుకోలేరు, మీ నాన్న దాచుకోగలడు. ఒకే ఊళ్లో ఒకే వానకు ఇద్దరు రైతులు రెండు పనులు చేయడానికి కారణం ఇదే.

లెక్క చూద్దాం. ఒక ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్లు. ఈ ఏడు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మీ చేలో 450 మిల్లీమీటర్లు పడిందనుకుందాం. అందులో గట్టి వానలప్పుడు కొంత పారిపోతుంది. ఎక్కువ భాగం ఎండకు ఆవిరైపోతుంది. ఇలాంటి బీడులో పడ్డ వానలో మూడో వంతు నేలలో మిగిలితే మంచి మిగులే. అంటే 150 మిల్లీమీటర్లు. ఎకరాకు సుమారు 6 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే 120. మీ నాలుగెకరాలకు 480 ట్యాంకర్ల నీళ్లు, బోరు లేకుండా, కరెంటు లేకుండా, కాళ్ల కింద ఉన్నట్టు.

శనగకు ఈ దాచిన నీళ్లే ఆధారం. అక్టోబర్, నవంబర్‌లో చిత్త, స్వాతి కార్తెల్లో నాలుగు చినుకులు పడితే అదనం. చిత్త చినుకు తన ఇష్టమున్న చోట పడుతుందని ఊరికే అనలేదు, దాన్ని నమ్ముకోలేం. శనగ వేరు నేలలో మూడు అడుగుల పైనే దిగుతుంది. పైతడి ఆరిపోతున్న కొద్దీ కిందికి కిందికి వెళ్లి తాగుతుంది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా కనిపించే జేజీ 11 రకం వంద రోజుల లోపే కోతకొస్తుంది కాబట్టి, కింద నీళ్లు అయిపోయే లోపు పంట గట్టెక్కుతుంది.

"మరి వానాకాలంలోనే ఏదో ఒకటి వేసి, తర్వాత శనగ వేయొచ్చు కదా" అంటావు. రెండు అడ్డంకులు. మొదటిది, ఆ మొదటి పంట తాగేది ఇదే నీళ్లు. సెప్టెంబర్ దాకా అది తాగేస్తే శనగకు మిగిలేదేముంటుంది? రెండోది, ఆ బురద. రేగడి బాగా తడిశాక అందులో కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. ట్రాక్టర్ దిగదు, ఎద్దులు నడవవు. వారం పది రోజులు ముసురు పట్టిందంటే కలుపు మోకాలి ఎత్తు లేస్తుంది, తీసే దారి ఉండదు. నీళ్లు నిలిచి పంట పసుపెక్కుతుంది.

ఇప్పుడు ఆ గుంటక సంగతి. ఖాళీ చేనులో ఎందుకు తోలాలి? పైన గడ్డి మొలిచిందంటే అది ఖాళీ చేను కాదు. ఎండ లాక్కునేది ముఖ్యంగా పై ఐదారు అంగుళాల తడినే. తుంగ, వయ్యారిభామ లాంటివి మొలిస్తే, వాటి వేళ్లు కింద దాచిన తడిని పైకి తోడేస్తాయి. ఒక్కో మొక్క ఒక చిన్న మోటారు అనుకో. ఇక వాన తెరపిస్తే నెర్రెలు విచ్చుకుంటాయి. వాటి గోడల నుంచి కూడా లోపలి తడి పోతుంది. గుంటకకు ఉండే ఇనప బ్లేడు నేలను రెండు మూడు అంగుళాల లోతులో గీసుకుంటూ పోయి కలుపు వేళ్లు కోస్తుంది, పైమట్టిని పొడి చేసి నెర్రెల నోళ్లు మూస్తుంది. ప్రతి పెద్ద వాన తర్వాత నేల కాస్త ఆరి, కాలికి అంటనప్పుడు తోలాలి. ముందే తోలితే గడ్డలు లేస్తాయి, ఆలస్యమైతే కలుపు ముదురుతుంది. ఆ రెండు మూడు రోజుల టెన్షన్ రైతుకే తెలుసు.

మా ఇంట్లో ఒక ఏడు ఇది తప్పింది. ఆగస్టులో ట్రాక్టర్ దొరకలేదు. ఇంకో వాన పడ్డాక చూద్దాంలే అన్నారు. సెప్టెంబర్ ఆఖరుకు చేను పచ్చగా కళకళలాడింది, అంతా గడ్డే. తర్వాత దున్ని శనగ వేశాం. మొలక బాగానే వచ్చింది. పూత దశలో డిసెంబర్‌లో మధ్యాహ్నానికి మొక్కలు వాలిపోవడం మొదలైంది. పక్క చేను వాళ్లు నాలుగుసార్లు తోలారు. అదే వాన, అదే విత్తనం, వాళ్లది నిలబడింది. మాకు కాయలు తక్కువ, ఉన్నవాటిలో గింజ సన్నం. మా పెద్దనాన్న చేలో నిలబడి ఒకటే మాట అన్నాడు: "నీళ్లు గడ్డికి తాపాం, శనగకు ఏముంటాయిరా."

తడి కాకుండా బీడుకు ఇంకో చిన్న లాభం ఉంది. తడిసిన వెచ్చని నేలలో పాత వేళ్లు, ఆకులు కుళ్లి నత్రజని మొక్కకు అందే రూపానికి మారుతుంది. తాగడానికి పంట లేదు కాబట్టి అది కొంత నిలవుంటుంది, గట్టి వానలకు కొంత కొట్టుకుపోతుంది కూడా. బీడు పెడితే శనగకు ఎండు తెగులు పోతుందని కొందరంటారు. అది నమ్మొద్దు. ఆ తెగులు తెచ్చే బూజు శనగ లేకపోయినా నేలలో ఆరేళ్ల దాకా బతికి ఉండగలదు. నాలుగు నెలల బీడు దాన్ని ఏమీ చేయదు. దానికి తట్టుకునే రకమే మందు.

ఇంతా విని బీడు ఎక్కడైనా మంచిదే అనుకోవద్దు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్లు 1976 నుంచి ఏళ్ల తరబడి దీన్నే పరీక్షించారు. అక్కడ కూడా లోతైన నల్ల నేలే, కానీ ఏడాదికి 750 నుంచి 800 మిల్లీమీటర్ల వాన. ఒక పక్క పాత పద్ధతిలో వానాకాలం బీడు పెట్టి తర్వాత జొన్నో శనగో వేశారు. ఇంకో పక్క నీళ్లు పోయేలా ఎత్తు మడులు, మధ్యలో కాలువలు చేసి, వాన రాకముందే పొడి నేలలో విత్తి, రెండు పంటలు తీశారు. బీడు పెట్టిన వైపు హెక్టారుకు సుమారు ఒక టన్ను గింజ వస్తే, రెండో వైపు ఐదు టన్నుల దాకా వచ్చింది. మట్టి కోత కూడా బీడు వైపే ఎక్కువ. పైన ఆకు కప్పు లేని నేల మీద చినుకు నేరుగా పడితే మట్టి లేచి పారుతుంది మరి.

అంటే బీడు పెట్టే మన వైపు రైతులకు తెలివి లేదా? కాదు. అక్కడ వాన ఎక్కువ, నేల దాచగలిగిన దానికన్నా చాలా ఎక్కువ పడుతుంది, జూన్‌లో వస్తుందన్న ధీమా కూడా ఉంది. అలాంటి చోట బీడు పెడితే మిగులు నీళ్లు పారబోసుకున్నట్టే. వాన తక్కువగా, ఎప్పుడు వస్తుందో తెలియని మన వైపు పొడి నేలలో విత్తి కూర్చుంటే, ఒక్క చినుకుకు మొలిచి, తర్వాత ఇరవై రోజులు వాన లేక ఎండిపోవచ్చు. మన దగ్గర కూడా జూన్ మొదట్లోనే వాన బాగా పడ్డ ఏడు, అరవై ఐదు రోజుల పెసర వేసి ఆగస్టులో తీసేసి, సెప్టెంబర్ వానలను శనగకు దాచేవాళ్లు ఉన్నారు. కుదిరిన ఏడు లాభమే. కోత సమయానికి ముసురు పట్టిందో, కాయ చేలోనే మొలకెత్తుతుంది.

ఇంకో హద్దు లోతు. రెండడుగుల కింద సున్నపు గుండ్లు తగిలే రేగడి అయితే దాచడానికి చోటే లేదు. అక్కడ బీడు పెట్టడం చిల్లికుండలో నీళ్లు పోసినట్టు.

తమ్ముడూ, అక్టోబర్‌లో మీ నాన్నతో పాటు చేలోకి వెళ్లు. పారతో నాలుగైదు చోట్ల అడుగున్నర లోతు గుంత తీసి, గుంత అడుగున ఉన్న మట్టి గుప్పెట్లోకి తీసుకుని నొక్కు. ముద్దై, ఛాతీ ఎత్తు నుంచి వదిలితే పగలకుండా పడితే తడి ఉన్నట్టు. నేల తడిసిన చోట సన్నటి ఇనప సలాక సులువుగా దిగుతుంది, పొడి పొర తగలగానే ఆగిపోతుంది. అది మూడడుగులు దిగిందంటే ధైర్యంగా విత్తొచ్చు, గింజ మాత్రం మూడు నాలుగు అంగుళాల లోతున తడిలో పడాలి. అడుగులోపే ఆగిపోయిందనుకో, మీ నాన్న శనగ కూడా వేయకుండా చేతులు దులుపుకుంటాడు. అప్పుడు మాత్రం ఆ నాలుగెకరాలు సర్కారు పుస్తకంలో కూడా బీడు కిందికే పోతాయి.