చెక్కు బీరువాలో ఉంది, బిల్లు మాత్రం పెయిడ్ అయిపోయింది

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా, సరే. నేను విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ షాపుల్లో చాలా ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను, ఇవాళ నన్ను పిలిచింది పోస్ట్ డేటెడ్ చెక్కుల గురించి చెప్పమని. మనందరి బీరువాల్లో రబ్బర్ బ్యాండ్ వేసిన కట్టలు ఉంటాయి కదా, వాటి గురించే. నేను పనిచేసిన ఒక షాపులో జరిగింది చెప్తాను, షాపు పేరు పార్టీ పేరు అడగొద్దు, ఎవరిదైనా కావచ్చు.

ఏలూరు వైపు రిటైల్ పార్టీ ఒకాయన. జూన్ 5న 48 వేలు, 12న 62 వేలు, 20న 40 వేలు, మొత్తం మూడు బిల్లులు, లక్షా యాభై వేల సరుకు వెళ్ళింది. మా లైన్ కుర్రాడు 22న కలెక్షన్‌కి వెళ్తే ఆయన కాఫీ ఇప్పించి రెండు చెక్కులు రాసిచ్చాడు, ఆగస్టు 5కి ఒక 75 వేలు, ఆగస్టు 20కి ఇంకో 75 వేలు. కుర్రాడు సంతోషంగా వచ్చి చెక్కులు టేబుల్ మీద పెట్టాడు, గుమాస్తా అంతకంటే సంతోషంగా కంప్యూటర్‌లో మూడు బిల్లులూ పెయిడ్ అని కొట్టేశాడు. చేసిన తప్పు అదొక్కటే, మిగతా గొడవంతా దాని వెనకాలే వచ్చింది.

జూన్ 22 నుంచి ఆగస్టు 5 దాకా నెలన్నర ఆ పార్టీ పేరు మీద బాకీ సున్నా అని చూపిస్తోంది. ఆయనకి మనం పెట్టిన లిమిట్ రెండు లక్షలు. బాకీ సున్నా కాబట్టి కౌంటర్‌లో కూర్చున్నవాడు ఇంకో రెండు లక్షల సరుకైనా ధైర్యంగా కట్టి పంపించేస్తాడు, అతని తప్పేం ఉంది, స్క్రీన్ మీద అలా ఉంది మరి. అసలు నిజమేంటంటే ఆయన మనకి ఇంకా ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు, రెండు కాయితాలు ఇచ్చాడు అంతే.

అందుకే నేను చెప్పేది, చెక్కుకి ఒక బతుకు ఉంటుంది, బిల్లుకి ఇంకో బతుకు ఉంటుంది, రెండూ కలిపి ఒకే గడిలో రాయకండి. చెక్కు ముందు చేతిలో ఉంటుంది, తర్వాత బ్యాంకులో వేసింది అవుతుంది, ఆ తర్వాత క్లియర్ అన్నా అవుతుంది రిటర్న్ అన్నా అవుతుంది. బిల్లు మాత్రం చెక్కు క్లియర్ అయ్యేదాకా బాకీయే. కావాలంటే బిల్లు పక్కన "చెక్కు ఉంది" అని రాసుకోండి, కలెక్షన్ కుర్రాడు మళ్ళీ వెళ్ళి అదే బిల్లుకి డబ్బులు అడిగి పార్టీ చేత మాట పడకుండా ఉంటాడు, కానీ లిమిట్ లెక్కేసేటప్పుడు మాత్రం అది బాకీలోనే ఉండాలి.

ట్యాలీ వాడేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా. రిసీట్ ఓచర్ వేసేటప్పుడు Ctrl+T కొడితే పోస్ట్ డేటెడ్ అని పడుతుంది, ఆ తేదీ దాకా లెడ్జర్‌లోకి రాదు, బాగానే ఉంటుంది. కాకపోతే తేదీ దాటగానే దానంతట అదే లెక్కలోకి ఎక్కేస్తుంది, మీరు చెక్కు బ్యాంకులో వేశారో లేక అది ఇంకా బీరువాలోనే నిద్రపోతోందో దానికేం తెలుసు. కాబట్టి ట్యాలీ ఉన్నా సరే, చెక్కుల షీటు ఒకటి విడిగా పెట్టుకోండి అంటాను నేను.

ఆ షీటులో తేదీలు ఒకటి కాదండి. చెక్కు మీద ఉన్న తేదీ ఒకటి, మనం వెయ్యాల్సిన తేదీ ఒకటి, నిజంగా వేసిన తేదీ ఇంకొకటి, ఫలితం తెలిసిన తేదీ మరొకటి. చెక్కు తేదీ, వెయ్యాల్సిన తేదీ ఒకటే కదా అనిపిస్తుంది, కాదు. ముందు రోజు పార్టీ ఫోన్ చేసి "అన్నా, రేపొద్దు, ఒక్క వారం ఆగి వెయ్యండి, పెళ్ళిళ్ళ కలెక్షన్ రావాలి" అంటాడు, మనమూ సరే అంటాం, వ్యాపారం అన్నాక తప్పదు. అలా అన్నప్పుడు చెక్కు మీద తేదీ మారదు, వెయ్యాల్సిన తేదీ ఒక్కటే మారుతుంది, ఎవరు ఫోన్ చేశారు ఏ రోజు చేశారు అని పక్కన రాయాలి. మూడుసార్లు వాయిదా పడిన చెక్కు షీటులో కళ్ళకి కనపడాలి, ఎందుకంటే చెక్కు మీద తేదీ నుంచి 3 నెలలే దానికి ప్రాణం, 2012 ఏప్రిల్ నుంచి అంతే, అంతకు ముందు 6 నెలలు ఉండేది. మొహమాటానికి ఆగి ఆగి చెక్కు చచ్చిపోయిన షాపులు నేను చూశాను. అలాగే తేదీకి ముందు తొందరపడి వేస్తే బ్యాంకువాళ్ళు పోస్ట్ డేటెడ్ అని తిప్పి పంపిస్తారు, అదీ లాభం లేదు.

ఇంకో విషయం, 2025 అక్టోబర్ 4 నుంచి క్లియరింగ్ మారింది. ముందు పొద్దున వేస్తే మర్నాడు తెలిసేది, ఇప్పుడు బ్యాచ్‌లు లేకుండా రోజంతా నడుస్తోంది, పొద్దున వేసింది మామూలుగా ఆ సాయంత్రానికి తేలిపోతుంది. "రేపటికి డబ్బులు వేస్తాలే" అనుకునే పార్టీలకి ఆ ఒక్కరోజు గ్యాప్ పోయింది. అందుకని ముందు రోజే ఫోన్ చేసి రేపు మీ చెక్కు వేస్తున్నాం అని చెప్పండి.

సరే, మన ఏలూరు పార్టీ దగ్గరికి వద్దాం. ఇది పాత పద్ధతి నడిచే రోజుల్లో సంగతి. ఆగస్టు 5న మొదటి చెక్కు వేశాం, 6న రిటర్న్ మెమో వచ్చింది, కారణం ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్. ఇప్పుడు గుమాస్తా ఏం చెయ్యాలి?

చాలామంది చేసేది, ఆ రిసీట్ ఎంట్రీని డిలీట్ కొట్టేస్తారు. చెయ్యొద్దండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రెండు లైన్లు ఉంటాయి, 5న జమ 75 వేలు, 6న రిటర్న్ 75 వేలు, దాని కింద బ్యాంకు ఛార్జీ ఒకటి. మీ పుస్తకంలో ఏమీ లేకపోతే నెలాఖర్లో టాలీ అవ్వదు, పైగా ఈ పార్టీ చెక్కు ఒకసారి బౌన్స్ అయిందన్న గుర్తే ఉండదు. జమ అలాగే ఉంచి 6వ తేదీన ఎదురు ఎంట్రీ వెయ్యాలి, బ్యాంకు ఛార్జీని పార్టీ ఖాతాలో విడిగా ఖర్చు రాయాలి, బిల్లులో కలపకూడదు.

ఇంకొందరు మహానుభావులు బౌన్స్ అయిన మొత్తానికి కొత్త బిల్లు కొడతారు. ఒకటి, అమ్మకం రెండుసార్లు అయినట్టు జీఎస్టీలో పడుతుంది. రెండు, బిల్లు వయసు సున్నా నుంచి మొదలవుతుంది. నిజానికి జూన్ 5 బిల్లుకి ఆగస్టు 6 నాటికి 62 రోజులు, ఆ 62 రోజులూ కనపడాలి, చెక్కు బౌన్స్ అయినంత మాత్రాన బాకీ కొత్తది అయిపోదు కదా.

ఇక ఏ బిల్లు వెనక్కి తిరగాలి అన్నది. చెక్కు 75 వేలు, బిల్లులు 48, 62, 40. ఏ చెక్కులో ఎంత ఏ బిల్లుకి అని ముందే రాసుకోకపోతే బౌన్స్ రోజు తల పట్టుకోవాలి. మేం తర్వాత కూర్చుని రాశాం, మొదటి చెక్కులో 48 వేలు మొదటి బిల్లుకి, మిగతా 27 వేలు రెండో బిల్లుకి, రెండో చెక్కులో 35 వేలు రెండో బిల్లుకి, 40 వేలు మూడో బిల్లుకి. ఒక్కో ముక్కకి ఒక్కో లైను. Alloc అని పేరు పెట్టిన షీటులో A గడిలో బిల్లు నంబరు, బీలో చెక్కు నంబరు, సీలో ఎంత, డీలో చెక్కు స్థితి. బిల్లుల షీటులో వచ్చిన డబ్బు దగ్గర ఇది పెట్టాం:

```
=SUMIFS(Alloc!C:C,Alloc!A:A,A2,Alloc!D:D,"క్లియర్")
```

పెయిడ్ అని ఎవరూ చేత్తో కొట్టరు, ఈ మొత్తం బిల్లు మొత్తానికి సమానమైతేనే పెయిడ్. చెక్కు రిటర్న్ అయితే డీ గడిలో మాట మారుస్తాం, రిటర్న్ తేదీ, కారణం పక్కన రాస్తాం, బిల్లులు వాటంతట అవే బాకీలోనే ఉండిపోతాయి, మొదటి బిల్లు మొత్తం, రెండో బిల్లులో 27 వేలు.

మా షాపులో అప్పటికి ఇదేమీ లేదు. 6న మెమో క్యాషియర్ డ్రాయర్‌లో పడింది, 10న కౌంటర్‌వాడు ఇంకో 90 వేల సరుకు లారీలో వేసేశాడు, స్క్రీన్ మీద బాకీ సున్నా మరి. అసలు బాకీ లక్షా యాభై, దాని మీద 90, రెండు లక్షల 40 వేలు, లిమిట్ దాటిపోయింది. ఓనర్ గారికి 12న తెలిసింది, ఆ రోజు షాపులో ఎవరూ భోజనానికి వెళ్ళలేదు.

14న పార్టీ ఫోన్‌పేలో 25 వేలు పంపించి, "బాబాయ్, అదే చెక్కు 28న మళ్ళీ వెయ్యండి" అన్నాడు. గడువు లోపల చెక్కు మళ్ళీ వెయ్యొచ్చు, అందులో తప్పు లేదు. కానీ ఆగండి, 25 వేలు తీసుకున్నాం కదా, ఇప్పుడు 75 వేల చెక్కు మళ్ళీ వేస్తే రావాల్సిన దాని కన్నా ఎక్కువ అడిగినట్టు. 2022లో సుప్రీం కోర్టు చెప్పింది ఇదే, మధ్యలో కొంత ముడితే చెక్కు వెనకాల అది రాయించాలి, అలా రాయకుండా పూర్తి మొత్తానికి వేసి బౌన్స్ అయితే సెక్షన్ 138 కేసు నిలబడదు. ఫోన్‌పేలో వచ్చిన చిన్న చిన్న మొత్తాలు ఎవరూ చెక్కుల షీటులో రాయరు, కేసు పోయేది అక్కడే.

అందుకని మేం 50 వేలకి కొత్త చెక్కు అడిగాం. తేదీ విషయంలో మాత్రం గట్టిగా పట్టుకున్నాం. మెమో వచ్చింది ఆగస్టు 6న, అక్కడి నుంచి 30 రోజుల్లో లాయర్ నోటీసు పంపాలి, అంటే సెప్టెంబర్ 5. నోటీసు అందాక పార్టీకి 15 రోజులు టైం, అప్పటికీ కట్టకపోతే ఒక నెలలో కోర్టుకి వెళ్ళాలి. ఆయనేమో సెప్టెంబర్ 20 అన్నాడు, మేం ఒప్పుకోలేదు, సెప్టెంబర్ 2 రాయించాం. కొత్త చెక్కు తేలేలోపు పాత చెక్కుకి నోటీసు గడువు దాటకూడదు, అదీ లెక్క. మెమో వచ్చిన రోజే షీటులో నోటీసు ఆఖరి తేదీ అని ఒక గడి నింపేసుకోండి. పాత చెక్కు, మెమో రెండూ పిన్ చేసి దగ్గర పెట్టుకున్నాం, కొత్తది క్లియర్ అయ్యేదాకా పాతది తిరిగి ఇవ్వలేదు, ఆయన రెండుసార్లు అడిగినా సరే.

ఆగస్టు 20న వేసిన రెండో చెక్కు మర్నాడు క్లియర్ అయింది, మూడో బిల్లు తీరింది, రెండో బిల్లులో 35 వేలు పడ్డాయి. పాత బిల్లు ఉండగా కొత్త బిల్లు ముందు తీరడం చూడటానికి వింతగా ఉంటుంది, కానీ ఏ చెక్కు ఏ బిల్లుకి అని రాసుకున్నాక దాన్ని కదపలేదు. సెప్టెంబర్ 2న కొత్త 50 వేలు వేశాం, మర్నాడు క్లియర్, ఫోన్‌పేలో వచ్చిన 25 వేలు పోగా మిగిలిన 23 వేలు మొదటి బిల్లుకి, 27 వేలు రెండో బిల్లుకి, ఆ మూడూ అప్పుడు పెయిడ్ అయ్యాయి. లారీలో వెళ్ళిన 90 వేల బిల్లుకి మాత్రం ఓనర్ గారు చెక్కు తీసుకోలేదు, దసరా దాకా వారం వారం క్యాషే తీసుకున్నారు.