కీ రాలేదు, ఆట పడలేదు

శ్రోతలకు నమస్కారం. ఆ మధ్య హనుమకొండలో ఓ కొత్త సినిమాకు మార్నింగ్ షోకి వెళ్లాను. పదకొండున్నర దాటినా ఆట మొదలుకాలేదు. మేనేజర్ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండానే "ఇంకా కీ రాలేదు సార్" అన్నాడు. కీ అంటే తాళంచెవి కాదు, చిన్న ఫైలు. సినిమా ముందే థియేటర్ సర్వర్‌లోకి చేరినా, అది వస్తేనే బొమ్మ పడుతుంది. ఫైనాన్షియర్ అప్పు తేలి, క్లియరెన్స్ ఇచ్చేదాకా దాన్ని ఆపిస్తారు.

విడుదల ముందు రాత్రి దాకా అప్పు ఎందుకు మిగులుతుంది? ఊరికే ఓ లెక్క వేసుకుందాం. పది కోట్ల సినిమా. నిర్మాత సొంతంగా పెట్టింది 3 కోట్లు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీతో తెచ్చింది 4 కోట్లు. ఓటీటీ వాళ్లతో 4 కోట్లకు బేరం కుదిరింది కానీ, సంతకం రోజు ఇచ్చింది ఒక కోటే. మిగతా 3 కోట్లు సినిమా విడుదలై, కాపీ చేతికి అందాకే. డిస్ట్రిబ్యూటర్లంతా కలిపి 4 కోట్లకు ఒప్పుకొని 2 కోట్లు ముందిచ్చారు, మిగతా 2 విడుదలకు ముందు. ఇలా పది కోట్లు సమకూరాయి, షూటింగ్ అయిపోయింది.

అప్పు మీద నెలకు 8 లక్షల వడ్డీ. ఏడాదిలో విడుదలైతే కట్టాల్సింది 4 కోట్ల 96 లక్షలు. డిస్ట్రిబ్యూటర్ల 2 కోట్లు, ఓటీటీ 3 కోట్లు నేరుగా ఫైనాన్షియర్ ఖాతాకే వెళ్లేట్టు రాసిస్తే సరిపోతుంది. గ్రాఫిక్స్ పని తెమలక ఐదు నెలలు ఆలస్యమైందనుకోండి, వడ్డీ 40 లక్షలు పెరిగింది. ఇప్పుడు 36 లక్షలు తక్కువ. ఆ రాత్రి తిరిగేది దీని కోసమే. పైగా ఓటీటీ ఒప్పందంలో విడుదల తేదీ రాసి ఉంటే, అది దాటినందుకు రేటు కూడా కోస్తారు.

డిస్ట్రిబ్యూటర్ల డబ్బుకీ మెలిక ఉంది. కోస్తాలో చాలావరకు పాత జిల్లాల లెక్కన హక్కులు అమ్ముతారు గానీ, మన తెలంగాణ అంతా సినిమావాళ్లకు ఇప్పటికీ 'నైజాం' అనే ఒకే ఏరియా. వరంగల్ వసూలూ అందులోదే. ఒకరు ఎన్ఆర్ఏ కింద కొంటారు. అంటే తిరిగి అడగలేని అడ్వాన్సు. కోటిన్నర ఇచ్చి, పన్నులూ థియేటర్ అద్దెలూ పోను కోటి షేరే వస్తే, ఆ అర కోటి పోయినట్టే. ఇంకొకరిది మామూలు అడ్వాన్సు. తగ్గిన అర కోటి నిర్మాత వెనక్కివ్వాలి. అది చేతిలో ఉండదు కదా! అందుకే "తర్వాతి సినిమాలో చూసుకుందాం" అంటారు. ఆ బాకీ తీరకపోతే తర్వాతి సినిమా విడుదలకు అడ్డం పడేది ఈ డిస్ట్రిబ్యూటరే.

ఆ రోజు మాకు కీ పన్నెండుంబావుకు వచ్చింది. అప్పటికి సగం మంది టికెట్ డబ్బులు వాపసు తీసుకుని వెళ్లిపోయారు.