పరాభవకి స్వాగతం ఎలా చెప్పాలి?

హాయ్ అండీ! ఈసారి వ్లాగ్ న్యూజెర్సీ నుంచి కాదు, కూకట్‌పల్లిలో మా అమ్మావాళ్ల బాల్కనీ నుంచి. మధ్యలో వినిపించే కేక కూరగాయల బండిది, ఏమనుకోకండి.

ఆదివారం నా ఫ్లైట్. 2026 ఉగాది మార్చి 19, గురువారం. అక్కడ సెలవుండదు కాబట్టి మా తెలుగు సంఘంలో శనివారం చేసుకుంటాం. స్వాగతోపన్యాసం ఈసారి నా మీద పడింది. పోయినసారి అది పద్నాలుగు నిమిషాలు సాగింది, సగం స్పాన్సర్ల పేర్లే. పిల్లలు హాలు వెనక పరుగులు. కొత్తగా వచ్చినవాళ్లు గోడ పక్కన ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. అందుకే నాది మూడు నిమిషాలే.

కానీ మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. "శ్రీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు." పరాభవం అంటే అవమానం, ఓటమి. అర్థం చెప్పానంటే మా పిల్లలు "హ్యాపీ ఓటమి" అని నవ్వుతారు!

నాన్నని అడిగాను. "అరవై పేర్లలో అది నలభయ్యోదిరా, అంతే. మొదటిది ప్రభవ, 1987లో వచ్చింది. అక్కణ్నుంచి లెక్కపెట్టుకో" అన్నారు. వేళ్ల మీద లెక్కపెడుతుంటే మెల్లగా ఇంకో మాట అన్నారు: "నేను పుట్టిందీ పరాభవలోనే. 1966."

ఉపన్యాసం అక్కడ దొరికింది నాకు. రాసుకున్నది చదువుతాను:

"పిల్లలూ, మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఏడాది అరవై నిండుతున్నాయా? వాళ్లు పుట్టిన సంవత్సరం పేరు కూడా ఇదే. అరవై పేర్లూ ఒక చుట్టు తిరిగి మళ్లీ వాళ్ల దగ్గరికి వచ్చాయి. వెళ్లి వాళ్లని చెయ్యి పట్టుకుని స్టేజీ మీదికి తీసుకురండి. మొదటి పచ్చడి వాళ్లకి మీరే పెట్టాలి."

వాళ్లు ఎవరో ముందే వాట్సాప్ గ్రూపులో కనుక్కోవాలి, లేకపోతే స్టేజీ ఖాళీగా ఉంటుంది. నాన్న ఇంకో మెలిక కూడా పట్టుకున్నారు: 1966 జనవరిలో పుట్టినవాళ్లు రారు, అప్పటికింకా విశ్వావసే. ఆ ఏడాది ఉగాది తర్వాత పుట్టినవాళ్లే లెక్క.

కొత్తవాళ్ల కోసం "లేచి నిలబడి పరిచయం చేసుకోండి" అని రాశాను. అమ్మ కొట్టేయించింది. "వచ్చి నెల కాలేదు, అంతమందిలో నిలబెడతావా?" నిజమే. నేను కొత్తగా వెళ్లినప్పుడు ఆ మాట విని బాత్రూమ్‌కి వెళ్లిపోయాను! ఇప్పుడు ఇలా మార్చాను: "ఈ ఏడాదే వచ్చినవాళ్లు పచ్చడి బల్ల దగ్గర పసుపు కండువా వేసుకున్నవాళ్లని కలవండి. కారు లేకపోతే ఇంటిదాకా దింపుతారు."

తర్వాత పంచాంగ శ్రవణం, అది పంతులుగారి పని.

నాన్న టైమ్ చూస్తుంటే గట్టిగా చదివాను. రెండు నిమిషాల యాభై సెకన్లు. "అయితే చుట్టు పూర్తయింది, నేను మళ్లీ ఒకటో ఏట పడతానన్నమాట" అన్నారు. లోపల్నుంచి అమ్మ: "ఆ అల్లరి ఎప్పుడు మానారు గనక!"