గాజువాక దుకాణం పైకప్పు: మరమ్మతు ఖర్చా, మూలధన వ్యయమా?

[తెర మీద: తుప్పు పట్టిన రేకులు, వాటి కింద సిమెంటు బస్తాలు]

విశాఖపట్నంలో సముద్రపు ఉప్పుగాలికి ఇనుప రేకులు త్వరగా తుప్పు పడతాయి. గాజువాకలో సొంత భవనంలో హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్న ఒక వ్యాపారి, వానాకాలానికి ముందే పైకప్పు రేకులన్నీ తీయించి కొత్తవి వేయించారనుకుందాం. కాంట్రాక్టరు బిల్లు 1,20,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 21,600 రూపాయలు. ఒక్క రేకు కూడా పాతది మిగల్లేదు కనుక ఇది కొత్త ఆస్తి అని, దీన్ని భవనం ఖాతాలో కలపాలని చాలామంది గుమాస్తాలు అనుకుంటారు. నా అభిప్రాయంలో, ఆదాయపు పన్ను లెక్కకు ఆ తర్కం నిలవదు.

[తెర మీద: ఆస్తి ఏది? భవనమా, పైకప్పా?]

1961 ఆదాయపు పన్ను చట్టం 30వ సెక్షన్ భవన యజమానికి ‘కరెంట్ రిపేర్స్’ ఖర్చును అనుమతిస్తూనే, మూలధన స్వభావం ఉన్న ఖర్చు అందులోకి రాదని వివరణలో చెప్పింది. (2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ సంఖ్యలు వేరు.) శరవణ స్పిన్నింగ్ మిల్స్ కేసులో 2007లో సుప్రీంకోర్టు, యంత్రాల మార్పిడిని పరిశీలిస్తూ, ఖర్చు ఇప్పటికే ఉన్న ఆస్తిని కాపాడి నిలబెట్టడానికే అయి ఉండాలని, కొత్త ఆస్తిని గానీ కొత్త ప్రయోజనాన్ని గానీ తెచ్చేందుకు కాకూడదని చెప్పింది. ఆ కేసులో ఒక్కొక్క యంత్రం దానికదే స్వతంత్ర ఆస్తి కాబట్టి, దాన్ని మార్చడం మరమ్మతు కాలేదు. రేకుల కప్పు అలాంటిది కాదు. గోడలు లేకుండా దానికి వేరే ఉనికి లేదు. అందువల్ల అవే గోడలపై, అవే దూలాలపై, అదే రకం రేకులు వేస్తే, అన్నీ మార్చినా అది భవనానికి మరమ్మతే. బిల్లు మొత్తం పెద్దదా చిన్నదా అన్నది ఇక్కడ నిర్ణాయకం కాదు.

[తెర మీద: మొదటి పద్దు]

భవన మరమ్మతుల ఖాతా, డెబిట్: 1,20,000
ఇన్‌పుట్ సీజీఎస్టీ, డెబిట్: 10,800
ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ, డెబిట్: 10,800
కాంట్రాక్టరు ఖాతా, క్రెడిట్: 1,41,600

టీడీఎస్‌ను ఇక్కడ పక్కన పెట్టాను.

[తెర మీద: రేకుల స్థానంలో స్లాబు]

ఇప్పుడు అదే వ్యాపారి రేకులు తీసేసి, పిల్లర్లు లేపి, కాంక్రీటు స్లాబు పోయించారనుకుందాం. ఇకపై దాని మీద మరో అంతస్తు వేసుకోవచ్చు, సరుకు పెట్టుకోవచ్చు. ఇది భవనానికి ముందు లేని ప్రయోజనం కనుక మూలధన వ్యయమే. ఖర్చు 6,00,000, జీఎస్టీ 1,08,000 రూపాయలు. ఎక్కువమంది పొరబడేది ఈ జీఎస్టీ దగ్గరే. స్థిరాస్తిపై చేసిన మరమ్మతు సహా ఏ నిర్మాణ పనికైనా, పుస్తకాల్లో ఆస్తిగా చూపిన మేరకు ఇన్‌పుట్ క్రెడిట్‌ను సీజీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ నిరోధిస్తుంది. కాబట్టి పన్ను కూడా ఆస్తి ధరలోనే కలుస్తుంది.

భవనం ఖాతా, డెబిట్: 7,08,000
కాంట్రాక్టరు ఖాతా, క్రెడిట్: 7,08,000

నివాసేతర భవనానికి ఆదాయపు పన్ను తరుగుదల 10 శాతం కనుక, మొదటి ఏడాది తగ్గేది 70,800 రూపాయలు మాత్రమే. ఆ ఏడాదిలో వాడకం 180 రోజుల లోపే అయితే అందులో సగం, అంటే 35,400.

[తెర మీద: ఒకే బిల్లు, రెండు పనులు]

నిజంగా చిక్కు వచ్చేది పాత రేకులు మారుస్తూ పక్కనే కొత్త షెడ్డు కూడా వేయించి, రెండింటికీ కలిపి ‘రూఫ్ పని’ అని ఒకే మొత్తంతో బిల్లు తీసుకున్నప్పుడు. ఏ భాగం ఏదో చూపలేకపోతే, పన్ను అధికారి మొత్తాన్నీ మూలధనంగా లెక్కించే అవకాశం ఉంది. అందుకే పని మొదలుకాక ముందే కొలతలతో, పనుల వారీగా కొటేషన్ రాయించుకొని, పాత కప్పు ఫోటోలను దానికి జతచేసి ఉంచాలి. కొనగానే, దుకాణం తెరవక ముందే పాత భవనానికి కప్పు వేయిస్తే మాత్రం పరిస్థితి వేరు: భవనాన్ని వాడుకలోకి తేవడానికి అయిన ఆ ఖర్చు, రేకులు అదే రకమైనా సరే, భవనం ధరలోనే కలపాలి.

ఏఎస్ 10 ప్రకారం ఖాతాలు రాసే సంస్థలు ఒక విషయం గమనించాలి. ఆ ప్రమాణం కింద పెద్ద భాగాన్ని మార్చినప్పుడు కొత్త ఖర్చును ఆస్తిలో చేర్చి, పాత భాగం మిగులు విలువను తీసేయవలసి రావచ్చు. అప్పుడు పన్ను లెక్కలో మరమ్మతుగా చూపిన పనే పుస్తకాల్లో ఆస్తి అవుతుంది, ఆ మేరకు జీఎస్టీ క్రెడిట్ కూడా పోతుంది. కనుక పద్దు రాసే ముందే ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టుకొని ఆడిటరుతో మాట్లాడాలి.