ఎఫ్‌డీ ల్యాడర్ ప్లానర్ రివ్యూ: మెచ్యూరిటీలు సరే, టీడీఎస్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

అందరికీ నమస్కారం. ఈరోజు ఒక గూగుల్ షీట్ రివ్యూ చేస్తున్నాను. మన వ్యూయర్ ఒకరు సొంతంగా తయారు చేసుకుని, బాగుందో లేదో చూడమని పంపించారు. నాలుగైదు బ్యాంకుల్లో ఎఫ్‌డీలు వేసుకుని, ఏటా ఒకటి చేతికొచ్చేలా ల్యాడర్ కట్టుకున్నవాళ్లకు పనికొచ్చే ప్లానర్ ఇది.

మొదటి పేజీ నాకు నిజంగా నచ్చింది. బ్యాంకు పేరు, అసలు, వడ్డీ రేటు, వేసిన తేదీ, గడువు ఇస్తే చాలు. మెచ్యూరిటీలన్నీ తేదీల వరుసలో పేర్చి, రాబోయే నెల రోజుల్లో ముగిసేవాటిని పసుపు రంగులో చూపిస్తుంది. ఆటో రెన్యువల్ ఉందా లేదా అన్న కాలమ్ కూడా పెట్టారు. అది చూసుకోకపోతే ఆ రోజు ఉన్న రేటుకి డిపాజిట్ మళ్లీ లాక్ అయిపోతుంది. మధ్యలో తీస్తే పెనాల్టీ. అందుకే ఆ కాలమ్ చాలా అవసరం. వడ్డీని మూడు నెలలకోసారి చక్రవడ్డీగా కట్టడం కూడా సరిగ్గానే చేశారు.

ఇబ్బంది అంతా టీడీఎస్ దగ్గర. ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. ఒకే బ్యాంకులో ఏప్రిల్ 1న రెండు ఎఫ్‌డీలు వేశాం అనుకుందాం. చెరో 5 లక్షలు, 7 శాతం వడ్డీ. ఒకటి రెండేళ్లకు, ఒకటి మూడేళ్లకు. రెండూ వడ్డీ చివర్లో ఇచ్చే క్యుములేటివ్ రకమే. మొదటి ఏడాది ఒక్కోదాని మీద వడ్డీ 35,930 రూపాయలు అవుతుంది.

2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు వడ్డీ మీద టీడీఎస్ పరిమితి ఏడాదికి 50,000. సీనియర్ సిటిజన్లకైతే లక్ష. ఈ షీట్ ఒక్కో ఎఫ్‌డీని విడిగా చూసి, 35,930 పరిమితి లోపే ఉంది కదా అని టీడీఎస్ సున్నా అంటుంది. బ్యాంకు అలా చూడదు. మన పాన్ మీద ఆ బ్యాంకులో, ఏ బ్రాంచిలో ఉన్నా సరే, డిపాజిట్లన్నీ కలుపుతుంది. మొత్తం 71,860 వస్తుంది. పరిమితి దాటింది కాబట్టి దాటినంత మీదే కాకుండా మొత్తం మీద 10 శాతం, అంటే 7,186 కోస్తుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం.

ఇంకో సంగతి. క్యుములేటివ్ ఎఫ్‌డీకి షీట్ వడ్డీ మొత్తాన్నీ మెచ్యూరిటీ ఏడాదిలోనే చూపిస్తోంది. కానీ వడ్డీ మన చేతికి రాకపోయినా ఏ ఏడాది లెక్క ఆ ఏడాదే బ్యాంకు కట్టి, టీడీఎస్ కోసేస్తుంది. కోసింది ఎఫ్‌డీలోంచే పోతే ఆ డబ్బు మీద తర్వాత వడ్డీ కూడా రాదు. మన మూడేళ్ల ఎఫ్‌డీ రసీదు మీద 6,15,720 అని ఉంటుంది. రెండేళ్లది మళ్లీ అక్కడే వేసి మూడేళ్లూ టీడీఎస్ పడితే, చేతికొచ్చేది సుమారు 6,03,400. తేడాలో దాదాపు 11,500 టీడీఎస్. మిగతా 800 దాకా దాని మీద రావాల్సిన వడ్డీ.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. ఒక్కో ఎఫ్‌డీకి ఏడాదికో వరుస చొప్పున రాసుకోండి: A కాలమ్‌లో బ్యాంకు, Bలో ఆర్థిక సంవత్సరం, Cలో ఆ ఏటి వడ్డీ. పక్కన Eలో బ్యాంకు, Fలో సంవత్సరం పెట్టి, G2, H2 గళ్లలో వరుసగా ఈ రెండు ఫార్ములాలు వేయండి.

```
=SUMIFS(C:C,A:A,E2,B:B,F2)
=IF(G2>50000,G2*10%,0)
```

సీనియర్లైతే 50000 బదులు 100000 అని మార్చుకోవాలి. ఇప్పుడు రెండో ఎఫ్‌డీని వేరే బ్యాంకుకి మార్చి చూడండి, టీడీఎస్ సున్నా అవుతుంది. అంతమాత్రాన పన్ను తప్పిందని కాదు. మీరు 30 శాతం స్లాబులో ఉంటే ఆ వడ్డీ మీద పన్ను మీరే కట్టాలి, ఏడాదికి బాకీ 10,000 లేదా అంతకంటే ఎక్కువైతే అడ్వాన్స్ ట్యాక్స్ కూడా వస్తుంది. షీట్‌లో "నికరంగా చేతికి" అన్న కాలమ్ టీడీఎస్‌తో ఆగిపోతోంది. దాన్ని మీ స్లాబు రేటుతో మార్చుకోకపోతే జులైలో రిటర్న్ వేసేటప్పుడు టెన్షన్ పడతారు.

ఇంకొక్క కాలమ్ కూడా కావాలి. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షలే, అదీ అసలు, వడ్డీ కలిపి. మన ఉదాహరణలో ఒకే బ్యాంకులో మొత్తం 10 లక్షలు వేశాం కాబట్టి, వేసిన రోజు నుంచే 5 లక్షల అసలు, పెరిగే వడ్డీ అంతా ఆ హామీ బయటే ఉంటాయి. మూడేళ్ల మెట్టుకి నేనైతే ఒక బ్యాంకులో 4 లక్షలే వేస్తాను. 7 శాతం దగ్గర అది మూడేళ్లకి 4,92,500 దాకా వస్తుంది.

మెచ్యూరిటీ పేజీ వరకు ఈ ప్లానర్‌ని అలాగే వాడుకోండి. టీడీఎస్ పేజీ మాత్రం ఈ మార్పులు చేశాకే వాడండి. ఏడాది చివర ఫారం 26ఏఎస్ తెరిచి, బ్యాంకు వారీగా షీట్‌లో అంకెతో పోల్చండి. తేడా వస్తే ఏ బ్యాంకు దగ్గర వచ్చిందో కామెంట్‌లో రాయండి, తర్వాతి వీడియోలో ఆ లెక్క విప్పి చూద్దాం.